పైలట్ మంట పదే పదే ఆరిపోతుంటే: థర్మోకపుల్ తప్పా, గాలి తప్పా?

అక్టోబరు దాటి ఈశాన్య గాలులు మొదలయ్యాయంటే నెల్లూరు, ప్రకాశం జిల్లాల కోళ్ల షెడ్లలో ఒక తగాదా కూడా మొదలవుతుంది. కోడిపిల్లలకు వెచ్చదనమిచ్చే గ్యాస్ బ్రూడర్‌లో పైలట్ మంట తెల్లవారుజామున ఆరిపోతుంది. మెకానిక్‌ను పిలిస్తే ‘థర్మోకపుల్ పోయింది, కొత్తది వేయాలి’ అంటాడు. షెడ్డులో పడుకునే మనిషి ‘అది కాదన్నా, ఉత్తరం పక్క నుంచి గాలి కొడతా ఉంది’ అంటాడు. సిలిండర్లు దించే కుర్రాడు ‘గ్యాస్ ప్రెషర్ చూసుకోండి’ అని చెప్పి వెళ్లిపోతాడు. కొత్త థర్మోకపుల్ వేస్తే కొన్నాళ్లు బాగానే ఉంటుంది, మళ్లీ ఆరుతుంది. పరదాలు బిగించి కడితే రెండు రాత్రులు నిలుస్తుంది, మళ్లీ ఆరుతుంది. దాంతో ఎవరి మాట నమ్మాలో తెలియక యజమానికి టెన్షన్. రోజు వయసు కోడిపిల్లలకు మొదటి వారం బ్రూడర్ కింద 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. అర్ధరాత్రి రెండు గంటలు బ్రూడర్ ఆరితే పిల్లలు చలికి ఒకదానిమీద ఒకటి ఎక్కి, అడుగున ఉన్నవి ఊపిరాడక చస్తాయి.

నిజానికి ఆ ముగ్గురూ చెప్పేది ఎంతోకొంత సరైనదే. ఎవరి మాట ఎంతవరకు సరైనదో తెలియాలంటే ఆ చిన్న మంట వెనక ఏం జరుగుతుందో మొదట చూడాలి.

పైలట్ మంట ఎక్కడ ఉంటుంది, ఎందుకు ఉంటుంది

గ్యాస్ హీటర్‌లో రెండు మంటలు ఉంటాయి. వేడినిచ్చేది పెద్ద బర్నర్. దాని పక్కనే వేలి కొసంత నీలి మంట ఒకటి ఎప్పుడూ వెలుగుతూ ఉంటుంది, అదే పైలట్. వేడి తగ్గి థర్మోస్టాట్ పెద్ద బర్నర్‌కు గ్యాస్ వదిలినప్పుడు దాన్ని అంటించేది ఈ మంటే. అగ్గిపుల్లతో పనిలేదు, కరెంటు అక్కర్లేదు.

మన ఇళ్లలో పైలట్ కనిపించడం తక్కువ. స్నానాల గదుల్లో ఉండే గ్యాస్ గీజర్లు చాలావరకు బ్యాటరీతో నిప్పురవ్వ పుట్టించి అంటుకునేవి. పైలట్‌ను పాతరకం గీజర్లలో, కొన్ని రకాల గ్యాస్ బ్రూడర్లలో చూస్తాం. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన అమ్మానాన్నలు అక్కడి ఇళ్లలో నీళ్లు కాచే పెద్ద ట్యాంకుల అడుగున చూసి ఉంటారు. అన్నిటి లోపలా సూత్రం ఒకటే. ఈ వ్యాసంలో మాత్రం కోళ్ల షెడ్డునే తీసుకుంటున్నాను. పైలట్‌ను ఆర్పగలిగినవన్నీ, అంటే గాలి, దుమ్ము, అమ్మోనియా, మూసేసిన పరదాలు, ఒకేచోట దొరికేది అక్కడే.

మంట ఉందని చెప్పే సాక్షి

పైలట్ ఆరిపోయినా గ్యాస్ వస్తూనే ఉంటే ప్రమాదం. ఎల్పీజీ గాలికన్నా బరువైనది, పైకి పోదు. నేలబారుగా పరుచుకుని, పొట్టు మీద, గుంటల్లో నిలిచి ఉంటుంది. అందుకే మంట లేనప్పుడు గ్యాస్‌ను ఆపేసే సేఫ్టీ వాల్వు ఒకటి హీటర్‌లో ఉంటుంది. మంట ఉందో లేదో ఆ వాల్వుకు తెలిపేదే థర్మోకపుల్.

చూడటానికి అది పెన్సిల్ ముక్కంత లోహపు కడ్డీ. దాని వెనక సన్నటి రాగి గొట్టం తోకలా వాల్వు దాకా వెళ్తుంది. కడ్డీ కొసలో రెండు వేర్వేరు లోహాలను కలిపి అతికించి ఉంటారు. రెండు వేర్వేరు లోహాల అతుకును ఒకచోట వేడిచేసి, రెండో చివరను చల్లగా ఉంచితే ఆ తేడా వల్ల కాస్త విద్యుత్తు పుడుతుంది. 1821లో సీబెక్ అనే శాస్త్రవేత్త గమనించిన విషయం ఇది. ఆయన పేరుతోనే దాన్ని సీబెక్ ప్రభావం అంటారు.

ఈ మాటలో ఒక మెలిక ఉంది. విద్యుత్తు పుట్టించేది ఒక్క వేడి కాదు, వేడికీ చల్లదనానికీ మధ్య తేడా. కొస ఎర్రగా కాలాలి, మొదలు చల్లగా ఉండాలి. మంట మరీ పెద్దదై కడ్డీ అంతటినీ కమ్మేసినా, పెద్ద బర్నర్ వేడికి మొదలు కూడా కాగిపోయినా, తేడా తగ్గి విద్యుత్తు పడిపోతుంది. మంట కడ్డీ పైభాగాన్ని ఒక సెంటీమీటరు మేర కప్పితే చాలు.

పుట్టే విద్యుత్తు ఎంత? మంచి థర్మోకపుల్‌ను వాల్వు నుంచి విడదీసి మీటరు పెడితే 25 నుంచి 35 మిల్లీవోల్టులు చూపిస్తుంది. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు 1500 మిల్లీవోల్టులు. అంటే అందులో నలభయ్యో వంతు కూడా ఉండదు. వాల్వుకు తగిలించి, దాని లోపలి కాయిల్ గుండా కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తే ఇందులో దాదాపు సగమే కనిపిస్తుంది. అది కూడా రెండుమూడు మిల్లీవోల్టుల దాకా పడిపోతే వాల్వు మూసుకుంటుంది.

బటన్‌ను అరనిమిషం ఎందుకు నొక్కిపట్టాలి

పైలట్ వెలిగించేటప్పుడు బటన్‌ను నొక్కిపట్టి, ముప్పై సెకన్లో నిమిషమో ఆగి వదలాలని అందరికీ తెలుసు. ఎందుకో తెలిసినవాళ్లు తక్కువ.

వాల్వు లోపల స్ప్రింగు ఒకటి గ్యాస్ దారిని ఎప్పుడూ మూసెయ్యాలనే చూస్తుంటుంది. దాన్ని ఆపి ఉంచేది ఒక చిన్న విద్యుదయస్కాంతం. దానికి కరెంటు ఇచ్చేది థర్మోకపుల్. కానీ పది పన్నెండు మిల్లీవోల్టులతో ఆ అయస్కాంతం స్ప్రింగును ఎదిరించి వాల్వును తనంతట తాను లాగలేదు. అప్పటికే తెరిచి, తనకు ఆనించి ఉన్న వాల్వును జారిపోకుండా పట్టుకోగలదు, అంతే. తలకెత్తితే మూటను ఊరిదాకా మోయగలిగిన మనిషికి కూడా దాన్ని నేలమీంచి ఎత్తడానికి ఇంకొకరి చెయ్యి కావాలి కదా. బటన్ నొక్కే మన వేలు ఆ ఎత్తే చెయ్యి. కొస కాగి కరెంటు చాలినంత పుట్టాక వేలు తీసినా వాల్వు నిలుస్తుంది.

దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, ఒక్కసారి అయస్కాంతం పట్టు జారితే మళ్లీ తనంతట తాను పట్టుకోదు. గాలికి మంట అర నిమిషం పక్కకు ఒరిగి, తరువాత మళ్లీ నిటారుగా నిలవబోయినా లాభం లేదు. వాల్వు మూసుకుపోయాక పైలట్‌కు గ్యాసే రాదు. పొద్దున వచ్చి చూసేవాడికి ఆరిపోయిన మంట కనిపిస్తుంది తప్ప అది ఎందుకు ఆరిందో కనిపించదు. తగాదాకు మూలం ఇదే.

గాలి ఆర్పే తీరు రెండు రకాలు

గాలి పైలట్‌ను ఆర్పిందంటే దీపాన్ని ఊదినట్టు ఊదేసిందని అనుకుంటాం. తుపాను నాటి ఈదురుగాలికి అలా జరుగుతుంది కూడా. మామూలు రాత్రుల్లో జరిగేది వేరు. సన్నటి గాలి ఆగకుండా వీస్తూ మంటను కాస్త పక్కకు వంచుతుంది. మంట ఆరదు, నీలంగా వెలుగుతూనే ఉంటుంది. కాకపోతే థర్మోకపుల్ కొసను వదిలి పక్కన ఖాళీలో వెలుగుతుంది. కొస చల్లారుతుంది. ఇరవై సెకన్ల నుంచి నిమిషం లోపల వాల్వు టక్కుమని మూసుకుంటుంది. ఆ తరువాతే మంట ఆరుతుంది. శ్రద్ధగా వింటే ఆ చప్పుడు వినిపిస్తుంది కూడా. మంట ఆరాక చప్పుడు వచ్చిందా, చప్పుడు వచ్చాక మంట ఆరిందా అన్నది చూసినవాడికి సగం జవాబు దొరికినట్టే.

మన వైపు షెడ్లను పొడవు తూర్పు పడమరలుగా ఉండేట్టు కడతారు, ఎండ లోపలికి కొట్టకుండా. అంటే తెరిచి ఉండే రెండు పొడవాటి పక్కలూ ఉత్తరం, దక్షిణం వైపు. ఈశాన్య గాలి నేరుగా తగిలేది ఉత్తరపు పరదాకే. అందుకే నవంబరు, డిసెంబరుల్లో ఉత్తరం వరసలోని బ్రూడర్లే ఎక్కువగా ఆరుతుంటాయి, దక్షిణం వరసలోవి నిలుస్తాయి. ఒకే షెడ్డులో, ఒకే గ్యాసుతో, ఒకే రకం బ్రూడర్లకు ఇలా తేడా వస్తే గాలిని అనుమానించడానికి అది గట్టి కారణం.

దీనికి ఇంకో సాక్ష్యం కోడిపిల్లలే ఇస్తాయి. చలిగా ఉంటే బ్రూడర్ కిందికి చేరి ముద్దగా మూగుతాయి. వేడి ఎక్కువైతే చుట్టూ కట్టిన చిక్ గార్డు అంచుకు పోయి నోరు తెరుచుకుని నిలబడతాయి. గాలి తగులుతుంటే మాత్రం అన్నీ ఒకే పక్కకు, గాలి వచ్చే వైపుకు దూరంగా చేరతాయి. ఉత్తరం నుంచి గాలి వస్తుంటే దక్షిణపు అంచున నెలవంకలా మూగి ఉంటాయి. బ్రూడర్ అంచున అగరుబత్తి పట్టుకుంటే పొగ ఎటు పోతుందో చూసి కూడా తెలుసుకోవచ్చు. అయితే గ్యాస్ వాసన బొత్తిగా లేదని నిర్ధారించుకున్నాకే ఆ పని చేయాలి.

ఒక బ్రూడర్ కథ అంకెల్లో

ఇప్పుడు ఒక ఉదాహరణ చూద్దాం. కలిగిరి వైపు 200 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పున్న బ్రాయిలర్ షెడ్డు అనుకుందాం. అయిదు వేల పిల్లలు, ఆరు బ్రూడర్లు. ఉత్తరం వరసలో మూడో బ్రూడర్ పదే పదే ఆరుతోంది. దాని అయస్కాంతం 3 మిల్లీవోల్టుల దగ్గర పట్టు వదిలేస్తుందనుకుందాం. ఇకనుంచి చెప్పే అంకెలన్నీ థర్మోకపుల్ వాల్వుకు తగిలించి ఉండగా ఉండేవి.

కొత్తగా కొన్న రోజున, గాలి లేనప్పుడు ఈ బ్రూడర్‌లో 12 మిల్లీవోల్టులు ఉండేది. అంటే 9 మిల్లీవోల్టుల మిగులు. ఆ మిగులే దాని బలం.

రెండు బ్యాచ్‌లు గడిచాయి. పైలట్‌కు గ్యాస్ వచ్చే జెట్ రంధ్రం వెంట్రుక మందానికి మూడు నాలుగు రెట్లు, మిల్లీమీటరులో నాలుగో వంతు దగ్గర. వరిపొట్టు దుమ్ము, ఈకల నూగు దాని చుట్టూ పేరుకున్నాయి. బ్యాచ్‌కీ బ్యాచ్‌కీ మధ్య ఖాళీగా ఉన్నప్పుడు సాలీడు గూడు కట్టింది. మంట చిన్నదైంది. ఇప్పుడు కడ్డీని సెంటీమీటరు కాదు, కొసన కొంచెమే తాకుతోంది. 12 కాస్తా 8 అయింది. మంట ఆరలేదు, ఎవరూ గమనించలేదు.

తరువాత అమ్మోనియా వంతు. నేలమీద పరిచిన పొట్టు, అంటే లిట్టర్, తడిస్తే దాన్నుంచి వచ్చే అమ్మోనియా రాగిని, ఇత్తడిని తింటుంది. థర్మోకపుల్ తోక వాల్వులోకి బిగించే చోట నట్టు విప్పి చూస్తే రాగి మెరుపు పోయి పచ్చగానో నీలంగానో చిలుము కనిపిస్తుంది. ఇంట్లో కరెంటు స్విచ్చుకు ఆ మాత్రం చిలుము లెక్కే కాదు. ఇక్కడ పారేది కొన్ని మిల్లీవోల్టుల కరెంటు, పైగా కాయిల్ నిరోధం ఓమ్‌లో వందో వంతుల్లో ఉంటుంది. జాయింటు దగ్గర అంతే నిరోధం అదనంగా చేరినా మూడో వంతు బలం అక్కడే పోతుంది. మన బ్రూడర్‌లో 8 కాస్తా 5 అయిందనుకుందాం. ఇప్పటికీ 3 కన్నా ఎక్కువే. మంట నిలిచే ఉంది.

నవంబరు వచ్చింది. ఉత్తరపు గాలికి మంట ఒరిగి కొసకు తగిలే వేడి సగమైంది. 5లో సగం 2.5. అయస్కాంతం వదిలేసింది. పైలట్ ఆరింది.

ఇప్పుడు ముగ్గురి మాటలూ ఈ లెక్కలో పెట్టి చూడండి. మెకానిక్ కొత్త థర్మోకపుల్ వేశాడు. పాతదాన్ని విప్పి కొత్తదాన్ని బిగించడంతో జాయింటు శుభ్రమైంది. 5 మళ్లీ 8కి చేరింది. గాలికి సగమైనా 4 ఉంది. మంట నిలిచింది, మెకానిక్ మాటే నిజమైంది. కానీ జెట్‌లో దుమ్ము అలాగే ఉంది, ఇంకా పేరుకుంటోంది. పది రోజులకు 8 కాస్తా 6 అయింది. గాలికి 3. మళ్లీ ఆరింది. ‘డూప్లికేట్ పీసు వేశావు’ అని మెకానిక్‌ను తిట్టారు. ఆ పీసు మంచిదే.

షెడ్డు మనిషి మాట తీసుకుని పాత థర్మోకపుల్‌నే ఉంచి పరదా బిగించి కట్టారనుకుందాం. గాలి లేనంతసేపూ 5 ఉంటుంది, నిలుస్తుంది. పరదా ఒక మూల ఊడిన రాత్రి ఆరిపోతుంది. అతని మాట కూడా నిజమైంది, సగం మాత్రమే.

ఇంకో దారి ఉంది. థర్మోకపుల్ మార్చలేదు, పరదా ముట్టుకోలేదు. జెట్ శుభ్రం చేసి, జాయింటు చిలుము గీకారంతే. 5 కాస్తా మళ్లీ 12 అయింది. అదే గాలికి 6. మంట నిలిచింది. సీజన్ మొత్తం నిలిచే అవకాశం ఎక్కువగా ఉన్నది దీనికే, ఖర్చు లేనిది కూడా ఇదే. నా ఉద్దేశంలో చాలా షెడ్లలో కొత్త థర్మోకపుల్‌కు దక్కుతున్న పేరు నిజానికి దాన్ని బిగించేటప్పుడు అనుకోకుండా శుభ్రమైన జాయింటుకు దక్కాలి.

జెట్ శుభ్రం చేయడమంటే సూది పెట్టి పొడవడం కాదు. ఇత్తడి మెత్తన, సూది తగిలితే రంధ్రం పెద్దదవుతుంది. అప్పుడు మంట పొడవుగా పసుపురంగుకు తిరిగి మసి పడుతుంది. విప్పి, గాలి కొట్టి, మెత్తటి బ్రష్షుతో తుడిస్తే చాలు. నట్టు బిగించడంలోనూ ఒక లెక్క ఉంది. వేలితో బిగిసినంత బిగించి, ఆపైన స్పానర్‌తో పావు చుట్టు. అంతకుమించి బలంగా తిప్పితే తోక చివర ఉన్న ఇన్సులేషన్ నలిగి లోపల షార్ట్ అవుతుంది, కొత్త థర్మోకపుల్ మొదటి రోజే చస్తుంది. రాగి తోకను మడత పడేట్టు వంచినా అదే గతి.

ఎప్పుడు ఆరుతోంది అన్నదే ఆనవాలు

థర్మోకపుల్ నిజంగా పాడవదా అంటే, పాడవుతుంది. ఏళ్ల తరబడి మంటలో కాలిన కొస సన్నబడుతుంది, పగులుతుంది. ఆ జబ్బు లక్షణం వేరుగా ఉంటుంది. గాలి ఉన్నా లేకున్నా, పగలైనా రాత్రైనా, నిమిషం నొక్కిపట్టి బటన్ వదిలిన మరుక్షణం ఆరిపోతుంది. మంట నీలంగా, నిండుగా కొసను కప్పుతూ ఉండి కూడా అలా జరిగితే తప్పు థర్మోకపుల్‌దో, జాయింటుదో, అరుదుగా అయస్కాంతానిదో అయి ఉండాలి.

వీటిలో ఏదో తేల్చడానికి ఎలక్ట్రికల్ షాపుల్లో దొరికే మామూలు మల్టీమీటరు సరిపోతుంది. డయల్ మీద డీసీ వైపు 200m అని రాసిన చోట పెట్టాలి. థర్మోకపుల్ నట్టును వాల్వు నుంచి విప్పి, బటన్ నొక్కి ఉంచి పైలట్ వెలిగిస్తే, వేలు తీయనంతసేపూ మంట ఉంటుంది. మీటరు తీగ ఒకటి రాగి గొట్టానికి, ఇంకొకటి తోక చివరి బొడిపెకు ఆనించి నిమిషం ఆగితే అంకె పెరుగుతూ పోయి ఒకచోట నిలుస్తుంది. ఇది వాల్వుకు తగిలించకుండా తీసిన అంకె కాబట్టి 25 దాటాలి. మంట బాగుండి కూడా 18 దాటకపోతే థర్మోకపుల్ ముసలిదైంది. 28 చూపించి కూడా వాల్వు నిలవకపోతే కొత్త థర్మోకపుల్ కొనడం దండగ. చూడాల్సింది జాయింటును, అది శుభ్రంగా ఉంటే అయస్కాంతాన్ని.

వెలిగించిన వెంటనే బాగుండి, గంటల తరువాత గాలి లేకుండానే ఆరడం ఇంకో రకం. ఇక్కడే సిలిండర్ కుర్రాడి మాట పనికొస్తుంది. సిలిండర్‌లో గ్యాస్ ద్రవంగా ఉంటుంది, ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని సిలిండర్ గోడల నుంచి, చుట్టూ ఉన్న గాలి నుంచి లాక్కుంటుంది. ఆరు బ్రూడర్లూ ఒకే 19 కిలోల సిలిండర్ మీద గంటల తరబడి మండితే సిలిండర్ చల్లబడి, బయట చెమట పట్టి, అడుగున మంచు కూడా పేరుకోవచ్చు. లోపల ప్రెషర్ పడిపోతుంది. నెల్లూరు చలికి గ్యాస్ గడ్డకట్టదు గానీ ఇలా లాగితే మాత్రం మందగిస్తుంది. దీన్ని కనిపెట్టడం తేలిక. పెద్ద బర్నర్ అంటుకున్న క్షణంలో పైలట్‌ను చూడాలి. అది ఒక్కసారిగా కుంచించుకుపోతే లైనులో ప్రెషర్ చాలడం లేదు. రెండు సిలిండర్లను కలిపి పెట్టినప్పుడు ఆ కుంగుబాటు పోతే కారణం తేలినట్టే.

పరదాలన్నీ బిగించేస్తే

గాలి కారణమని తేలాక ఎవరికైనా మొదట తోచేది అన్ని పక్కలా మూసెయ్యడం. ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. మంటకు గాలి కావాలి. కిలో ఎల్పీజీ పూర్తిగా మండటానికి 13 ఘనపు మీటర్ల గాలి ఖర్చవుతుంది. మామూలు గాలిలో ఆక్సిజన్ దాదాపు 21 శాతం. అది తగ్గేకొద్దీ మంట జెట్‌ను వదిలి పైకి లేస్తుంది, కొసకు అందదు. గదుల్లో వాడే కొన్ని హీటర్లలో పైలట్‌ను కావాలనే ఇలా తయారుచేస్తారు. ఆక్సిజన్ 18 శాతానికి పడిపోకముందే మంట లేచిపోయి, థర్మోకపుల్ చల్లబడి, గ్యాస్ ఆగిపోతుంది. అలాంటి హీటర్‌లో పైలట్ పదే పదే ఆరడం రిపేరు కాదు, హెచ్చరిక.

లెక్క వేసి చూస్తే ఎక్కడ ఎంత భయపడాలో తెలుస్తుంది. రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర వెడల్పు, రెండున్నర ఎత్తున్న స్నానాల గదిలో సందనేది లేకపోతే ఆక్సిజన్ 18 శాతానికి దిగడానికి 80 గ్రాముల గ్యాస్ మండితే చాలు. నిమిషానికి ఆరు లీటర్ల గీజర్ అంత గ్యాస్‌ను అయిదారు నిమిషాల్లో కాల్చేస్తుంది. గాలి చాలక సగం మండిన గ్యాస్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అంతకన్నా ముందే మనిషిని పడగొట్టగలదు. దానికి వాసన ఉండదు. గీజర్‌ను స్నానాల గది బయట పెట్టమనేది ఇందుకే.

మన షెడ్డులో బ్రూడింగ్‌కు మూడో వంతు చోటును పరదాలతో వేరుచేశారనుకుంటే అది సుమారు 560 ఘనపు మీటర్లు. సందే లేదనుకుంటే ఆరు కిలోల గ్యాస్ మండాక ఆక్సిజన్ ఆ స్థాయికి వస్తుంది. ఆరు బ్రూడర్లు కలిపి గంటకు కిలోన్నర కాలిస్తే నాలుగు గంటలు. ఏ పరదా కూడా అంత గట్టిగా మూయదు కాబట్టి షెడ్డంతటా ఆక్సిజన్ అంతగా పడిపోవడం అరుదు. కానీ ఆ దిశగా పోతున్న కొద్దీ మంట బలహీనపడుతుంది. మండినప్పుడు పుట్టే తేమ లిట్టర్‌లో చేరుతుంది. తడి లిట్టర్ నుంచి అమ్మోనియా పెరుగుతుంది, అది మళ్లీ జాయింటుకు చిలుము పట్టిస్తుంది. గాలిని ఆపబోయి చిలుమును తెచ్చుకున్నట్టవుతుంది. పొద్దున షెడ్డులోకి అడుగుపెట్టగానే కళ్లు మండితే పరదా అవసరానికి మించి బిగిసిందని అర్థం.

ఈ రెండిటికీ మధ్య దారి పరదాను కట్టే తీరులో ఉంది. పరదా అడుగు అంచును గోడకు కదలకుండా బిగించి, పై అంచును మాత్రం దించేలా కడితే గాలి పైనుంచి వస్తుంది. పిల్లలకూ పైలట్‌కూ నేరుగా తగలకుండా, పైన ఉన్న వెచ్చటి గాలితో కలిసి దిగుతుంది. పై అంచు బిగించి అడుగు నుంచి చుట్టే పరదాతో ఇది కుదరదు. దాన్ని జానెడు ఎత్తినా వచ్చే గాలి నేలబారున నేరుగా లోపలికి కొడుతుంది. పైలట్ పక్కన గాలివాలుకు చిన్న రేకు అడ్డం పెట్టేవాళ్లూ ఉన్నారు. అది పని చేస్తుంది, బర్నర్ గాలి పీల్చుకునే రంధ్రాలను మూయనంతవరకు.

వాల్వును మోసం చేసే పద్ధతి, పైలట్ లేని పద్ధతి

విసుగెత్తినవాళ్లు కొందరు బటన్‌ను తీగతో కట్టేస్తారు. వాల్వు ఎప్పుడూ తెరిచే ఉంటుంది కాబట్టి ఇక ఆరదని వాళ్ల లెక్క. గాలికి మంట ఆరనే ఆరుతుంది. ఆగనిది గ్యాస్. మామూలుగా ఆరిన పైలట్‌ను మళ్లీ వెలిగించే ముందే గ్యాస్ కట్టేసి అయిదు నిమిషాలైనా ఆగి, నేలకు వంగి వాసన చూడాలి. బటన్ కట్టేసిన బ్రూడర్ రాత్రంతా పొట్టు మీద గ్యాస్ పోస్తూ ఉంటే, పొద్దున అగ్గిపుల్ల గీసేసరికి కాలేది షెడ్డే.

పైలట్ గొడవే వద్దనుకునేవాళ్లు నిప్పురవ్వతో అంటుకునే బ్రూడర్ల వైపు చూస్తున్నారు. వాటిలో మంట ఉందో లేదో ఎలక్ట్రానిక్ సెన్సర్ చూస్తుంది, ఆరితే మళ్లీ అదే అంటిస్తుంది. రోజంతా మండే పైలట్ తాగే గ్యాస్ కూడా మిగులుతుంది. కాకపోతే వాటికి కరెంటు కావాలి. వాయుగుండం తీరం దాటే రాత్రి, స్తంభాలు ఒరిగి రెండు రోజులు సప్లై రాకపోతే, ఇన్వర్టరో జనరేటరో లేని షెడ్డులో అవి పనిచేయవు. పైలట్ బ్రూడర్‌కు ఆ బాధ లేదు. దానికి కావలసిన కరెంటును అది తన మంటతోనే పుట్టించుకుంటుంది. అదే రాత్రి వీచే గాలి మాత్రం దానికి అన్నిటికన్నా పెద్ద శత్రువు. అందుకే ఈ జిల్లాల్లో కొందరు రైతులు రెండు రకాలూ కలిపి పెట్టుకుంటారు. ఉత్తరం వరసలో నిప్పురవ్వవి, దక్షిణం వరసలో పైలట్‌వి ఉంటే, కరెంటు పోయినా గాలి తగ్గువైపు వరస అయినా నిలుస్తుందన్నది వాళ్ల లెక్క.